తాకి చూడలేనివాళ్లకు మన కుట్టుపని: ఫోన్‌తో నమ్మదగిన ఫోటో

(సంఘం వార్షికోత్సవం సందర్భంగా జరిగిన యువజన సమావేశంలో కుట్టుపని బృందం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



మాకు ఇచ్చిన అంశం ఆన్‌లైన్ అమ్మకాలు. అంత పెద్ద విషయం జోలికి మేము వెళ్లం. అందులో ఒక్క ముక్క తీసుకుంటాం. మన యాడీలు, అక్కలు అద్దాలు, గవ్వలు పెట్టి కుట్టిన ఒక భుజం సంచిని చేతిలో ఉన్న ఫోన్‌తోనే ఎలా ఫోటో తీయాలి? దాన్ని చూసి ఎక్కడో వైజాగ్‌లోనో పుణేలోనో ఉన్నావిడ నమ్మి డబ్బు కట్టాలి, సంచి చేతికి అందాక "నేను చూసింది ఇదే" అనుకోవాలి. చెప్పేది ఇంతే.

సంతలో సంచి అమ్మేటప్పుడు ఏం జరుగుతుందో ఒకసారి గుర్తు తెచ్చుకోండి. కొనేమనిషి సంచిని ముందు వెలుగులోకి తీసుకుపోయి రంగు చూస్తుంది. తర్వాత భుజానికి తగిలించుకుని ఎంత పెద్దదో చూస్తుంది. ఆ తర్వాత, ఇది మీరందరూ గమనించే ఉంటారు, సంచిని తిరగేసి లోపలి కుట్టు చూస్తుంది. రంగు నిజమేనా, సైజు ఎంత, ఇది చేతిపనా మిషన్ పనా? ఆమెకున్న అనుమానాలు ఈ మూడే. ఆన్‌లైన్‌లో ఆ చేయి ఉండదు. ఆ చేయి చేసే పనిని మన ఫోటోలు చేయాలి. అందంగా ఉండడం తర్వాతి సంగతి.

ఇది ఎందుకంత ముఖ్యమో ఒక చిన్న లెక్క చెబుతాం. ఒక సంచి 1,200 రూపాయలకు పెట్టామనుకోండి. రంగు వేరుగా ఉందని అది వెనక్కి వస్తే, పంపిన పార్సిల్ ఖర్చు, తిరిగొచ్చిన పార్సిల్ ఖర్చు కలిపి రెండొందల దాకా పోతాయి. ఆ రెండొందలు ఎక్కడి నుంచి పోతాయి? గుడ్డకు, దారానికి, అద్దాలకు పెట్టిన డబ్బు అప్పటికే అయిపోయింది. మిగిలింది కుట్టినామె కూలి ఒక్కటే. అంటే ఫోటోలో రంగు తప్పితే ఆ ఖరీదు కట్టేది వారాల తరబడి కళ్లు నొప్పెట్టుకుని కుట్టిన మనిషే. పైగా 2020లో వచ్చిన వినియోగదారుల రక్షణ (ఈ-కామర్స్) నియమాల ప్రకారం, చూపించినట్టుగా లేని సరుకును వెనక్కి తీసుకోనని అమ్మేవాళ్లు అనడానికి లేదు. కాబట్టి ముందు రంగు దగ్గరే మొదలుపెడదాం. ఎక్కువ సేపు కూడా దాని దగ్గరే ఆగుతాం.

రంగు అనేది గుడ్డలో ఎంత ఉందో, దాని మీద పడే వెలుగులోనూ అంతే ఉంది. ఇంట్లో ట్యూబులైటు కింద చూసిన ఎరుపు, వాకిట్లో చూసిన ఎరుపు ఒకటి కావు. మన కంటికి ఆ తేడా పెద్దగా తెలియదు, మెదడు సర్దుకుంటుంది. ఫోన్ కూడా సర్దడానికి ప్రయత్నిస్తుంది కానీ ఒకేసారి ఒక్క రకం వెలుగునే సర్దగలదు. ఒకవైపు గుమ్మంలోంచి పగటి వెలుగు, పైనుంచి బల్బు వెలుగు కలిసి పడ్డాయంటే, సంచి ఒక పక్క నీలంగా, ఇంకో పక్క పచ్చగా వస్తుంది. దాన్ని తర్వాత ఏ యాప్‌లోనూ సరిచేయలేం. అందుకే మొదటి పని, ఇంట్లో లైట్లన్నీ ఆర్పేయడం. ఒక్క పగటి వెలుగే ఉండాలి.

ఆ పగటి వెలుగు కూడా నేరుగా పడే ఎండ కాకూడదు. ఎండలో అద్దాలు కళ్లు మిరుమిట్లు గొలిపేలా మెరుస్తాయి, కుట్ల మధ్య నీడలు నల్లగా పడతాయి. మనకు కావలసింది నీడలో ఉన్న వెలుగు. పడమటి వైపు తెరుచుకున్న వరండా ఉంటే పొద్దున, తూర్పు వైపు ఉన్నదైతే మధ్యాహ్నం తర్వాత వాడుకోండి. పొద్దున పడమటి వరండాలో ఎండ రాదు. అంతే కాదు, ఇంటి నీడ వాకిట్లో కూడా పడుతుంది. ఈ రెండో మాట చిన్నదిగా కనిపిస్తుంది గానీ మన తండాల్లో చాలా అవసరం. మన వాకిళ్లు చాలాచోట్ల ఎర్రమట్టి. దాని మీద ఎండ పడిందంటే ఆ మట్టి రంగు వెలుగై వరండాలోకి కొడుతుంది. తెల్ల గవ్వలు కూడా లేత గోధుమ రంగులోకి తిరుగుతాయి.

అలాగే గోడలు. పచ్చరంగు వేసిన గోడకు అడుగు దూరంలో సంచి పెడితే గోడ వైపు ఉన్న అంచు పచ్చగా వస్తుంది. వర్షానికి కట్టిన నీలం టార్పాలిన్ కింద తీస్తే ఫోటో అంతా నీలమే. ఫోటో తీసేవాళ్లు వేసుకున్న ఎర్ర చొక్కా కూడా రంగు కొడుతుంది. సంచి చుట్టూ నాలుగైదు అడుగుల్లో గాఢమైన రంగు ఏదీ లేకుండా చూసుకోవడం ఖర్చు లేని పని. గోడ మార్చలేకపోతే దాని మీద తెల్ల దుప్పటి వేలాడదీయండి, చాలు.

ఇక సామాను. మేము కొన్నవి రెండు తెల్ల చార్టులు, ఒక తెల్ల థర్మాకోల్ షీటు, బట్టల క్లిప్పులు, ఒక స్టీలు స్కేలు. మొత్తం 200 రూపాయల లోపే అయింది. తెల్ల పంచె, స్టూలు ఇంట్లోవే. ఫోటోలు తీయడానికని లోపల ఎల్ఈడీ లైట్లు అమర్చిన మడత డబ్బాలు ఆన్‌లైన్‌లో చౌకగా దొరుకుతాయి. చాలామంది మొదట అవే కొంటారు. మా అభిప్రాయం అడిగితే, మన పనికి అవి వద్దు. భుజం సంచి వాటిలో పట్టదు. పట్టినా, చౌక ఎల్ఈడీల వెలుగులో ముదురు ఎరుపు భాగం తక్కువగా ఉంటుంది. మన కుట్టుపనికి ప్రాణమే ఎరుపు. ఆ వెలుగులో అది ఇటుక రంగులోకో, వెలిసిన గోధుమలోకో దిగజారుతుంది.

ఇప్పుడు ఒక సంచిని తీసుకుని మొదటి నుంచి చివరి దాకా తీద్దాం. ఇదిగో, ఇదే. వెడల్పు 14 అంగుళాలు, ఎత్తు 12. మిరపపండు ఎరుపు గుడ్డ, అంచుల్లో నీలిమందు రంగు, మధ్యలో చదరాలుగా అద్దాలు, కింద గవ్వల వరుస, ఉన్ని కుచ్చులు.

ముందు సంచిని సిద్ధం చేయాలి. వేలాడే దారపు ముక్కలు కత్తిరించండి, దుమ్ము దులపండి. గుడ్డ ముడతలు పడి ఉంటే కుట్టు లేని చోట్ల ఇస్త్రీ పెట్టండి. లోపల పాత పేపర్లు ఉండలు చేసి పెట్టండి, సంచి కూలబడకుండా నిలబడేంత. అంతకు మించి కుక్కొద్దు. ఉబ్బించిన సంచి ఫోటోలో పెద్దదిగా కనిపిస్తుంది. ఇంటికొచ్చాక బల్లపరుపుగా ఉన్న సంచిని చూసి ఆమె మోసపోయాననే అనుకుంటుంది.

వరండా పక్క గోడ దగ్గర స్టూలు వేయండి. ఎదుటి గోడ కాదు, పక్క గోడ. అప్పుడు వాకిలి మీ ఎడమ వైపుకో కుడి వైపుకో వస్తుంది, వెలుగు సంచి మీద పక్క నుంచి పడుతుంది. ఇది ఎందుకంటే, కుట్టుపని గుడ్డ మీద కొంచెం ఎత్తుగా ఉంటుంది. వెలుగు ఎదురుగా కొడితే ఆ ఎత్తు కనిపించదు, అచ్చు వేసిన గుడ్డలాగా చదునుగా వస్తుంది. పక్క నుంచి పడితే ప్రతి కుట్టుకూ ఇటువైపు వెలుగు, అటువైపు సన్నని నీడ ఏర్పడి దారం పైకి లేచి కనిపిస్తుంది. నీడ మరీ నల్లగా ఉందనిపిస్తే వాకిలికి ఎదురు వైపు, సంచికి రెండడుగుల దూరంలో థర్మాకోల్ షీటు నిలబెట్టండి. అది వెలుగును తిప్పి కొడుతుంది. దగ్గరికి జరిపితే నీడ పలచబడుతుంది, దూరం జరిపితే చిక్కబడుతుంది. అటూ ఇటూ జరిపి కంటితోనే చూసుకోండి.

చార్టును గోడకు క్లిప్పులతో పైన తగిలించి, మడత పడకుండా వంపుగా స్టూలు మీదకు జార్చండి. మడత ఉంటే సంచి వెనక ఒక గీత కనిపిస్తుంది. వంపుగా ఉంటే వెనక అంతా ఒకే తెలుపు.

ఇక అద్దాలు. మన కుట్టుపనిలో ఫోటోకు అతి కష్టమైనవి ఇవే. అద్దానికి సొంత రంగంటూ లేదు. ఎదురుగా ఏముంటే అదే చూపిస్తుంది. దాని ఎదురుగా ఉండేది ఫోన్ పట్టుకున్న మనమే. మామూలుగా తీస్తే ప్రతి అద్దంలో ఒక నల్ల చుక్క, ఒక మొహం, వెనక కట్టేసిన మేక కూడా కనిపిస్తాయి. అందుకని మన వెనక దండెం కట్టి తెల్ల పంచె వేలాడదీస్తాం. అద్దాల్లో పంచె తెలుపు పడి శుభ్రంగా వస్తాయి. కానీ ఇక్కడ ఒక మెలిక ఉంది. అద్దాలన్నీ పూర్తిగా తెల్లగా వస్తే అవి అద్దాల్లా ఉండవు, తెల్ల కాగితం ముక్కలు అతికించినట్టు ఉంటాయి. పంచెను పూర్తిగా పరచకుండా ఒక పక్కకు జరిపి, మిగతా సగం చీకటిగానే వదిలేయండి. చేత్తో కుట్టిన అద్దాలు అన్నీ ఒకే వాలులో ఉండవు కదా, కొన్నిట్లో తెలుపు, కొన్నిట్లో బూడిద రంగు, కొన్నిట్లో సగం సగం పడుతుంది. అప్పుడే చూసేవాళ్లకు అది అద్దం అని తెలుస్తుంది. మిషన్ మీద కుట్టే ప్లాస్టిక్ బిళ్లలకు ఆ తేడా ఉండదు.

ఫోన్ సంగతికి వద్దాం. ముందు కెమెరా గాజును మెత్తటి నూలు గుడ్డతో తుడవండి. జేబులో తిరిగే ఫోన్ మీద వేళ్ల జిడ్డు ఉంటుంది, దాంతో ఫోటో అంతా పొగమంచు పట్టినట్టు వస్తుంది. చాలామంది ఫోన్ పాతదైపోయిందనుకునేది ఇందుకే. ఫ్లాష్ ఆపండి. రంగులను తానే పెంచే సెట్టింగు, అందం మోడ్, ఫిల్టర్లు అన్నీ ఆపండి. గీతల గడి ఆన్ చేయండి, సంచి అంచులు ఆ గీతలకు సరిగ్గా నిలువుగా ఉన్నాయో లేదో తెలుస్తుంది.

దగ్గరికి వెళ్లి తీయకండి. అడుగు దూరం నుంచి తీస్తే ఫోన్‌కు దగ్గరగా ఉన్న భాగం పెద్దగా, దూరంగా ఉన్నది చిన్నగా వచ్చి సంచి ఆకారమే మారిపోతుంది. 0.5x మీద అయితే మరీ ఘోరం. నాలుగు అడుగుల దూరం జరిగి 2x మీద తీయండి. మీ ఫోన్‌లో 2x మసకగా ఉందనిపిస్తే 1x మీదే తీసి తర్వాత కత్తిరించండి, ఫలితం దాదాపు అదే. ఫోన్ ఎత్తు సంచి మధ్య భాగానికి సమానంగా ఉండాలి. నిలబడి కిందకు చూస్తూ తీస్తే సంచి కిందకు సన్నబడుతుంది. ఫోన్‌ను రెండు ఇటుకల మధ్య నిలబెట్టి 3 సెకన్ల టైమర్ పెట్టండి. నీడలో వెలుగు తక్కువ కాబట్టి చేతి వణుకు ఫోటోలో పడుతుంది, కుట్లు చెదురుతాయి.

ఇప్పుడు వెలుగు ఎంత ఉండాలన్నది. ఫోన్‌కు తెలుపేదో నలుపేదో తెలియదు. ఎదురుగా ఏది పెట్టినా దాన్ని నడిమి రకం వెలుగులోకి తేవాలని చూస్తుంది. అందుకే తెల్ల చార్టు ఎక్కువ కనిపిస్తే ఫోటో అంతా బూడిద రంగుగా వస్తుంది. ముదురు నీలం సంచి నిండుగా పెడితే దాన్ని వెలిసిపోయినట్టు చూపిస్తుంది. దీనికి మందు మీ వేలే. తెర మీద సంచిని వేలితో నొక్కి కాసేపు పట్టుకుంటే చాలా ఫోన్లలో AE/AF అని తాళం పడుతుంది. పక్కనే చిన్న సూర్యుడి బొమ్మ వస్తుంది, దాన్ని పైకి జరిపితే వెలుగు పెరుగుతుంది, కిందకు జరిపితే తగ్గుతుంది.

ఎంత జరపాలి? అది చెప్పడానికి మన సంచి మీదే రెండు సాక్షులు ఉన్నాయి. ఒకటి గవ్వ. గవ్వ నోటి దగ్గర పళ్లలాంటి గీతలుంటాయి కదా, ఫోటోను పెద్దది చేసి చూసినప్పుడు ఆ పళ్లు కనిపించాలి. కనిపించక తెల్లగా కలిసిపోయాయంటే వెలుగు ఎక్కువైంది. రెండోది నీలిమందు అంచు. దాని మీద కుట్టిన ముదురు దారం గుడ్డ నుంచి విడిగా కనిపించాలి. కలిసిపోయి నల్లటి పట్టీలా ఉందంటే వెలుగు తక్కువైంది. ఈ రెండూ కనిపించే చోట ఆగండి.

ఎరుపుకు మాత్రం అదనంగా ఒక జాగ్రత్త ఉంది. కెమెరా ఎరుపు, పచ్చ, నీలం మూడింటినీ విడివిడిగా కొలుస్తుంది. మన సంచిలా నిండైన ఎరుపు ఎదురైతే, మిగతా రెండూ ఖాళీగా ఉండగానే ఎరుపు గిన్నె నిండి పొంగిపోతుంది. మొత్తం ఫోటో చూస్తే బాగానే ఉంటుంది గానీ ఎర్ర గుడ్డ మీద ఎర్ర దారంతో వేసిన కుట్లన్నీ కరిగి ఒక ముద్దగా కనిపిస్తాయి. తెర మీద అలా అయిందంటే సూర్యుడి బొమ్మను ఇంకొంచెం కిందకు జరిపి, కుట్లు విడిగా కనిపించే దాకా తగ్గించి తీయండి. మొత్తం కాస్త చీకటిగా వచ్చినా తర్వాత పెంచుకోవచ్చు. కరిగిపోయిన కుట్టును మాత్రం వెనక్కి తేలేం.

మొదటి ఫోటో తీసేటప్పుడు సంచి పక్కన ఒక తెల్ల కాగితం ముక్క పెట్టండి. జిరాక్సు కాగితం చాలు. పంచె ముక్క మాత్రం పెట్టకండి. ఉతికి నీలం పెట్టిన పంచె మన కంటికి మల్లెపూవులా ఉంటుంది, కెమెరాకు అది నీలమే. ఈ కాగితం ఫోటో అమ్మడానికి కాదు, రంగు సరిచూసుకోవడానికి. Snapseed లాంటి ఉచిత యాప్‌లో తెలుపును సరిచేసే పరికరం ఉంటుంది. అందులో చుక్కను తీసుకెళ్లి ఆ కాగితం మీద పెడితే, కాగితం తెల్లగా వచ్చేలా ఫోటో అంతా సర్దుకుంటుంది. అదే చోట, అదే వెలుగులో తీసిన మిగతా ఫోటోలకూ అంతే సవరణ చేయాలి. అరగంటలో వెలుగు మారుతుంది కాబట్టి, చోటు మార్చినా సమయం గడిచినా మళ్లీ కాగితం పెట్టి ఒకటి తీయండి.

ఆ తర్వాత వంకర సరిచేయడం, చుట్టూ కత్తిరించడం, వెలుగు కొంచెం పెంచడం. అక్కడితో ఆపండి. రంగు గాఢత పెంచే గీతను ముట్టుకోవద్దు. దాన్ని కొంచెం జరిపితే సంచి వెలిగిపోతుంది, చూడముచ్చటగా ఉంటుంది, ఇష్టాలు ఎక్కువ వస్తాయి. ఆ వెలిగిపోయిన సంచి మన దగ్గర లేదు కదా.

సరిచేసిన ఫోటోను నమ్మే ముందు, సంచిని అదే నీడలో పెట్టి పక్కనే ఫోన్ పట్టుకుని రెండూ కలిపి చూడండి. తెరను పచ్చగా మార్చే కంటి రక్షణ మోడ్ ఆపాలి, లేకపోతే తప్పు రంగునే సరైనదనుకుంటారు. పక్కవాళ్ల ఫోన్‌లో కూడా చూడండి. ఎంత చేసినా కొనేవాళ్ల తెర మన తెర కాదు. అందుకే రంగును మాటల్లో కూడా రాయండి. "ఎరుపు" అని వదిలేయకుండా "మిరపపండు ఎరుపు, కొంచెం ముదురు, నారింజ ఛాయ లేదు" అని రాస్తే తెర చెప్పలేనిది మాట చెబుతుంది.

రంగు అయింది. సైజు అనుమానం తీర్చడం తేలిక. 14 అంగుళాలు అని రాస్తే చాలదు, చాలామంది అంకెను ఊహించుకోలేరు. ఒక ఫోటోలో సంచి అడుగున స్టీలు స్కేలు పెట్టండి. ఇంకో ఫోటోలో మనిషి భుజాన తగిలించుకుని నిలబడాలి, పట్టీ ఎక్కడిదాకా వస్తుందో తెలుస్తుంది. అద్దం సైజు చూపడానికి 10 రూపాయల నాణెం పక్కన పెట్టండి. దాని వ్యాసం 27 మిల్లీమీటర్లు, దేశంలో ఎవరికైనా తెలిసిన కొలత. సంచి నోట్లోంచి ఒక 200 పేజీల నోటుపుస్తకం సగం బయటికి కనిపించేలా పెడితే ఏం పడుతుందో అడగాల్సిన పనే లేదు.

ఇక్కడొక పక్కమాట. భుజాన తగిలించి ఫోటో తీయడానికి మనవాళ్లు వెంటనే ముసలి యాడీని పిలిచి, ఫేటియా, కాంచళి, గాజులన్నీ వేయించి నిలబెడతారు. ఆమె ఒప్పుకుంటే మంచిదే. కానీ ఆ ఫోటో ఎక్కడ పెడతామో, ఎవరు చూస్తారో ముందు ఆమెకు చెప్పి అడగాలి. ఎవరైనా ఆ ఫోటోను తీసుకుని ఇంకోచోట వాడుకోవచ్చన్నది కూడా చెప్పాలి. సైజు చూపడానికైతే మొహం అక్కర్లేదు, మెడ నుంచి మోకాలి దాకా చాలు.

మూడో అనుమానం దగ్గరికొచ్చాం. ఇది చేతిపనేనా? ఈరోజు బజారులో మన అద్దాల పనిని పోలిన మిషన్ సరుకు బోలెడంత ఉంది. ముందువైపు నుంచి ఫోటోలో రెండిటికీ తేడా చెప్పడం కష్టం. ధర మాత్రం వాళ్లది మూడో వంతు. మరి ఆమె మన సంచే ఎందుకు కొనాలి? దీనికి జవాబు సంచి లోపల ఉంది.

సంచిని తిరగేసి లోపలి వైపు ఫోటో తీయండి. మిషన్ ఎంబ్రాయిడరీ వెనక్కి తిప్పితే, ముందు ఎన్ని రంగులున్నా వెనక ఎక్కువగా ఒకే దారం, చాలాసార్లు తెల్లది, కనిపిస్తుంది. అది బాబిన్ దారం. కుట్లు అచ్చు గుద్దినట్టు సమానంగా ఉంటాయి. మన కుట్టు వెనక ముందున్న రంగులే ఉంటాయి. దారం అయిపోయిన చోట ముడి, ఒక పువ్వు నుంచి ఇంకో పువ్వుకు దాటిన దారం, అద్దం చుట్టూ బిగించిన పోగులు అన్నీ కనిపిస్తాయి. మన అక్కలు చాలామంది వెనకవైపు చూపించడానికి సిగ్గుపడతారు, అక్కడ పని గజిబిజిగా ఉంటుందని. నిజానికి కొనేవాళ్లకు మన దగ్గరున్న అతి బలమైన రుజువు ఆ గజిబిజే. అస్తరు వేసిన సంచి అయితే లోపలి వైపు కనిపించదు. అప్పుడు అస్తరు వేయకముందే, కుట్టు పూర్తయిన రోజున వెనకవైపు ఒక ఫోటో తీసి పెట్టుకోవాలి. ఇది కుట్టేవాళ్లతో ముందే చెప్పుకోవాల్సిన పని. సంచి తయారై చేతికొచ్చాక గుర్తొస్తే అస్తరు విప్పలేం.

దగ్గరి ఫోటో ఒకటి ముందువైపు నుంచి కూడా కావాలి, ఒక అద్దం, దాని చుట్టూ ఉన్న కుట్టు నిండుగా కనిపించేలా. చౌక ఫోన్లలో మాక్రో అని విడిగా చిన్న కెమెరా ఇస్తారు. 2 మెగాపిక్సెళ్ల ఆ కెమెరా కన్నా అసలు కెమెరాతో, అది స్పష్టంగా పట్టుకోగలిగినంత దగ్గరికి వెళ్లి, తర్వాత కత్తిరించుకోవడమే మేలు. కత్తిరించాక కూడా పొడవు వైపు కనీసం 1,000 పిక్సెళ్లు మిగలాలి. లేకపోతే కొనేవాళ్లు పెద్దది చేసి చూసినప్పుడు కుట్లు గళ్లు గళ్లుగా విడిపోతాయి.

లోపాలు చూపాలా వద్దా అని ప్రతి తండాలో అడుగుతారు. మేము చెప్పేదేమంటే, చేతిపనిలో ఉండే తేడా వేరు, లోపం వేరు. రెండు చదరాలు ఒకే కొలతలో లేకపోవడం తేడా. దాన్ని దాచనూ అక్కర్లేదు, ఎత్తి చూపనూ అక్కర్లేదు, మొత్తం ఫోటోలో కనిపిస్తే చాలు. ఒక అద్దం పగిలి ఉండడం, గవ్వ ఊడిపోవడం, రంగు ఒకచోట అంటడం లోపం. బాగుచేయగలిగితే చేయండి. చేయలేనిదైతే దానికి విడిగా ఒక ఫోటో తీసి, ధర తగ్గించి, కింద రాయండి. పాత ఫేటియా ముక్కలతో కుట్టిన సంచులకు ఇది మరీ అవసరం. పాత గుడ్డ వెలవడం కొందరికి ఇష్టం, కొందరికి కాదు. ఇష్టమున్నవాళ్లే కొనాలంటే వెలిసిన చోటు కనిపించాలి.

ఒకే రకం సంచులు ఇరవై ఉన్నప్పుడు ఒక్కదానికే ఫోటో తీసి మిగతావాటికీ అదే పెడతారు. సంచి సంచికీ దారాల రంగులు మారే మన పనిలో ఇది గొడవకు దారి. మేము ప్రతి సంచికీ లోపల చిన్న గుడ్డ ముక్క మీద నంబరు వేసి కుట్టిస్తాం, ఆ నంబరుతోనే ఫోటో దాస్తాం. రంగు కాగితం పెట్టి అంతా ఒకసారి అమర్చుకున్నాక ఒక్కో సంచికి ఐదు నిమిషాలు కూడా పట్టదు. పెద్ద అమ్మకపు సైట్లలో ఒకే ఫోటోతో ఎక్కువ సరుకు పెట్టక తప్పనప్పుడు "దారాల రంగుల కూర్పు కొంత మారుతుంది" అని రాసి, మూడు నాలుగు సంచులు పక్కపక్కన పెట్టిన ఫోటో ఒకటి చేర్చండి. ఎంత మారుతుందో కంటికి తెలుస్తుంది.

పెద్ద సైట్ల మాట వచ్చింది కాబట్టి ఒకటి చెప్పి ముగిస్తాం. అమెజాన్ లాంటి చోట మొదటి ఫోటో వెనక పూర్తి తెలుపు ఉండాలని, వస్తువు ఫోటోలో 85 శాతం నిండాలని, పైన రాతలు ఉండకూడదని నియమం. మన చార్టు తెలుపు ఫోటోలో కొంచెం బూడిదగానే వస్తుంది, ఆ ఒక్క ఫోటోకు వెనక భాగాన్ని యాప్‌లో తెల్లగా చేయాల్సి వస్తుంది. అప్పుడు ఉన్ని కుచ్చుల అంచులు తెగిపోకుండా పెద్దది చేసి చూసుకోండి. మిగతా ఫోటోలకు వరండా వెలుగు, మామూలు చార్టు సరిపోతాయి. సైటులో పెట్టే ముందు వాళ్ల నియమాలు ఒకసారి చదవండి, అవి మారుతుంటాయి.

తీసిన ఫోటోలను పట్నంలో ఉన్న తమ్ముడికి వాట్సాప్‌లో మామూలుగా పంపితే అది ఫోటోను నలిపి చిన్నది చేస్తుంది. అంత కష్టపడి పట్టుకున్న కుట్లు దారిలోనే పోతాయి. Document అన్న దారిలో పంపండి, ఉన్నది ఉన్నట్టు వెళ్తుంది. అలా పంపిన ఫోటోలో అది తీసిన చోటు వివరం కూడా వెళ్లవచ్చు. ఇంటి చోటు అందరికీ తెలియడం ఇష్టం లేకపోతే కెమెరా సెట్టింగుల్లో లొకేషన్ ముందే ఆపుకోండి.

బయట పడమటి వరండాలో రెండు స్టూళ్లు, చార్టులు, పంచె కట్టిన దండెం సిద్ధంగా ఉన్నాయి. నంబర్లు వేసిన సంచులు పది తెచ్చాం. నలుగురేసి ఒక జట్టుగా రండి, ఒకరు ఫోన్, ఒకరు థర్మాకోల్, ఒకరు పంచె, ఒకరు కాగితం. వాకిట్లో ఇంటి నీడ పదిన్నర దాకానే నిలుస్తుంది, కాబట్టి ప్రశ్నలు అక్కడే అడగండి. ఎర్ర చొక్కాలు వేసుకొచ్చినవాళ్లు కాగితం పట్టుకునే పని తీసుకోకండి.